తాడే బరువయ్యే లోతుల్లో

చిత్తూరు జిల్లా సరిహద్దు దాటి కొద్ది దూరం వెళితే కోలారు బంగారు గనుల ఊరు వస్తుంది. కేజీఎఫ్ అంటే అందరికీ తెలిసిన పేరే. 2001 ఫిబ్రవరిలో మూతపడేనాటికి అక్కడి ఛాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు పైగా లోతుకు దిగిపోయింది. ఆ లోతు నుంచి ఖనిజం పైకి రావాలన్నా, మనుషులు దిగి ఎక్కాలన్నా ఉక్కు తాడే ఆధారం. నేల మీద వైండర్ అనే పెద్ద యంత్రం ఉంటుంది. దాని డ్రమ్ముకు తాడు చుట్టుకుంటూ పోతుంటే, అవతలి కొసన వేలాడే తొట్టి పైకి లేస్తుంది.

చూడటానికి ఇది ఊరి బావిలో చేద తోడినట్టే ఉంటుంది. గిలక, తాడు, తాడు కొసన బరువు. కానీ బావిలో చేంతాడు బరువెంతో ఎవరూ లెక్కేయరు. నీళ్ల బరువే బరువు. గనిలో అలా కుదరదు. చేతి మణికట్టంత లావున్న ఉక్కు తాడు మీటరుకు సుమారు 8 కిలోలు తూగుతుంది. కిలోమీటరు లోతుకు వదిలితే అది 8 టన్నులు, రెండు కిలోమీటర్లకు వదిలితే 16 టన్నులు. అంత లోతులో తాడు బరువు అది మోసే ఖనిజం బరువును దాటిపోతుంది.

పైగా ఈ బరువు ఒకచోట నిలవదు. తాడు డ్రమ్ము మీదికి చుట్టుకునే కొద్దీ వేలాడే భాగం తగ్గిపోతుంది. మొదటి మీటరు లాగేటప్పుడు ఉన్నంత బరువు చివరి మీటరు లాగేటప్పుడు ఉండదు. క్షణక్షణం మారిపోయే బరువును పైకి లాగడానికి ఎంత పని పడుతుంది? ఇంటర్ భౌతికశాస్త్రం చదివిన వాళ్లకు ఇది పాత ప్రశ్నే. గని ఇంజినీర్లు మాత్రం దీనితోనే బతకాల్సి వచ్చింది. వాళ్లు కనిపెట్టిన ఉపాయాలు అర్థం కావాలంటే ముందు ఆ పాత ప్రశ్నకే జవాబు వెతకాలి.

చిన్న ఉదాహరణతో మొదలుపెడదాం. మేడ మీది నుంచి 20 మీటర్ల ఇనుప గొలుసు కిందికి వేలాడుతోంది. మీటరుకు 3 కిలోల చొప్పున మొత్తం 60 కిలోలు. పైనున్న మనిషి దాన్ని చేతులతో లాగి మేడ మీద కుప్ప పోస్తున్నాడు. లాగడం మొదలుపెట్టినప్పుడు అతని చేతుల మీద 60 కిలోలు ఉంటాయి. ఒక మీటరు పైకి వచ్చాక 57, రెండు మీటర్లు వచ్చాక 54. అలా తగ్గుతూ తగ్గుతూ చివరి మీటరుకు వచ్చేసరికి మిగిలేది 3 కిలోలే. ఆఖరి లంకె చేతికి చిక్కేసరికి బరువు సున్నా.

బరువు 60 నుంచి సున్నాకు ఒకే తీరుగా తగ్గింది కాబట్టి సగటున 30 కిలోలు మోసినట్టు లెక్క. 30 కిలోల బరువును 20 మీటర్లు ఎత్తడానికి పట్టే పనే మొత్తం పని. గురుత్వ త్వరణం 9.8తో గుణిస్తే 5,880 జౌళ్లు. ఈ లెక్కను ఇంకో వైపు నుంచి చూస్తే కారణం ఇంకా తేటగా కనిపిస్తుంది. గొలుసులో అన్ని లంకెలూ ఒకే ఎత్తు ఎక్కలేదు. అట్టడుగు లంకె 20 మీటర్లూ ఎక్కింది. నడుమ ఉన్న లంకె 10 మీటర్లే ఎక్కింది. మేడ అంచునే ఉన్న లంకె దాదాపు కదలనే లేదు. సగటున గొలుసు 10 మీటర్లు ఎక్కింది. అంటే 60 కిలోలు, 10 మీటర్లు. జవాబు మళ్లీ అదే. వేలాడే గొలుసు బరువంతా దాని నడిమధ్యన ఒక్కచోట ఉందనుకుని లెక్కేయవచ్చని పాఠ్యపుస్తకాలు చెప్పేది ఈ కారణంగానే.

ఇక్కడే చాలామంది తడబడతారు. గొలుసు సగం లాగితే సగం పని అయిపోయినట్టేనా? కాదు. మొదటి 10 మీటర్లు లాగేటప్పుడు బరువు 60 నుంచి 30కి తగ్గుతుంది, సగటు 45. తరువాతి 10 మీటర్లలో 30 నుంచి సున్నాకు, సగటు 15. అంటే సగం గొలుసు పైకి వచ్చేసరికే ముప్పాతిక పని పూర్తయింది. మిగిలిన సగానికి పట్టేది పావు వంతు పనే. మొదట్లో చేతులు పీకేసిన గొలుసు చివర్లో తేలిగ్గా వచ్చేస్తుంది. ఒక సమవేగంతో నడవాల్సిన యంత్రానికి మాత్రం ఈ ఎగుడుదిగుడు పెద్ద తలనొప్పి. ఆ సంగతి ముందుకు పోతే తెలుస్తుంది.

పోటీ పరీక్షలకు చదివే పిల్లలు ఇదే ప్రశ్నను ఇంకో రూపంలో చూస్తారు. నున్నని బల్ల మీద గొలుసు పరిచి ఉంది, మూడో వంతు అంచు మీంచి కిందికి వేలాడుతోంది, దాన్ని బల్ల మీదికి లాగడానికి ఎంత పని? వేలాడే బరువు మొత్తంలో మూడో వంతు. అది సగటున ఎక్కాల్సిన ఎత్తు వేలాడే పొడవులో సగం, అంటే గొలుసు పొడవులో ఆరో వంతు. మూడును ఆరుతో గుణిస్తే పద్దెనిమిది. అందుకే జవాబు MgL/18 వస్తుంది. చాలామంది ఈ 18ని కంఠస్థం చేస్తారు. దాని వెనకున్న అసలు విషయం వేరు. వేలాడే పొడవు పెరిగితే రెండు పెరుగుతాయి: ఎత్తాల్సిన బరువు పెరుగుతుంది, ఎత్తాల్సిన దూరమూ పెరుగుతుంది. పొడవు రెట్టింపైతే పని నాలుగు రెట్లు. మూడు రెట్లయితే తొమ్మిది రెట్లు. గనిని లోతుకు తవ్వే కొద్దీ ఇంజినీర్ల మెడకు చుట్టుకున్నది ఈ వర్గమే.

ఇప్పుడు ఆ లెక్కను గనిలోకి దింపి చూద్దాం. షాఫ్ట్ లోతు 1,000 మీటర్లు అనుకుందాం. ఖనిజం నింపే తొట్టిని గనుల్లో స్కిప్ అంటారు. ఖాళీ స్కిప్ 6 టన్నులు, అందులో ఖనిజం 8 టన్నులు. తాడు మీటరుకు 8 కిలోలు, మొత్తం 8 టన్నులు. స్కిప్పూ ఖనిజమూ దారి పొడవునా అంతే బరువుంటాయి, తాడు బరువే మారుతుంది. కాబట్టి స్కిప్పుకూ ఖనిజానికీ పూర్తి లోతు, తాడుకు సగం లోతు చొప్పున లెక్కేయాలి.

కరెంటు బిల్లు భాషలో చెబితే, 8 టన్నుల ఖనిజాన్ని కిలోమీటరు ఎత్తడానికి దాదాపు 22 యూనిట్లు ఖర్చవుతాయి. స్కిప్పును ఎత్తడానికి 16 యూనిట్ల పైచిలుకు. తాడును ఎత్తడానికి 11 యూనిట్లు. మొత్తం 49. రాపిడి, మోటారులో పోయే నష్టాలు ఇందులో కలపలేదు. అంటే గనికి కావాల్సిన ఖనిజం కోసం పడిన శ్రమ సగం కూడా లేదు. మిగిలినదంతా మోసే సరంజామాను మోయడానికే పోయింది.

లోతు రెట్టింపు చేసి 2,000 మీటర్లు అనుకుంటే ఏమవుతుంది? ఖనిజానికి 22 కాస్తా 44 యూనిట్లవుతుంది. అది న్యాయమే, రెట్టింపు ఎత్తుకు రెట్టింపు పని. తాడుకు మాత్రం 11 యూనిట్లు కాస్తా 44 అవుతుంది. ఖనిజానికి ఎంతో, దాన్ని కట్టిన తాడుకూ అంతే! ఇంకా లోతుకు పోతే తాడుదే పైచేయి.

ఈ నష్టాన్ని ఆపే మొదటి ఉపాయం చాలా పాతది. ఒక స్కిప్ పైకి వస్తుంటే ఇంకోటి కిందికి దిగేలా రెండింటినీ ఒకే యంత్రానికి తగిలిస్తారు. దిగే స్కిప్ ఎక్కే స్కిప్పుకు సాయం చేస్తుంది. ఖాళీ స్కిప్పుల బరువులు ఒకదానికొకటి చెల్లిపోతాయి, ఆ 16 యూనిట్లు మిగిలిపోయినట్టే. తాడు సంగతీ అంతే. ఎక్కే వైపు తాడు తగ్గుతుంటే దిగే వైపు తాడు పెరుగుతుంటుంది. ప్రయాణం మొత్తం మీద చూస్తే తాడు కోసం పడిన పని సున్నా. మొదటి సగంలో యంత్రం తాడును ఎత్తుతుంది, రెండో సగంలో తాడే యంత్రానికి ఆ పనిని తిరిగి ఇచ్చేస్తుంది.

కాగితం మీద ఇంతటితో కథ ముగిసినట్టే. గనిలో ముగియదు. ఎందుకంటే మొత్తం పని సున్నా అయినంత మాత్రాన ఏ క్షణానికి ఆ క్షణం పడే భారం సున్నా కాదు. పై లెక్కలోని 1,000 మీటర్ల షాఫ్టునే తీసుకుంటే, ప్రయాణం మొదట్లో యంత్రం మీద ఖనిజం 8, తాడు 8, కలిపి 16 టన్నుల లాగుడు ఉంటుంది. సగం దారిలో రెండు వైపులా తాడు సమానం, కాబట్టి 8 టన్నులే. చివర్లో దిగిన వైపు వేలాడే 8 టన్నుల తాడు ఎక్కిన ఖనిజానికి సరిగ్గా సమానమై లాగుడు సున్నా అవుతుంది. అదే 2,000 మీటర్లయితే మొదట్లో 24 టన్నులు. చివర్లో తాడు బరువే ఎక్కువై డ్రమ్మును 8 టన్నుల బలంతో ముందుకు లాగేస్తుంటుంది. అప్పుడు యంత్రం లాగడం మాని ఆపాల్సి వస్తుంది. స్కిప్ నేల మట్టానికి చేరువయ్యే ఆ ఘడియలో బ్రేకు మీద భారం పడటం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కర్లేదు. మోటారును కొనేటప్పుడు కూడా సగటు బరువును చూసి కొనలేరు. మొదటి క్షణంలో పడే అత్యధిక బరువును చూసే కొనాలి.

ఈ ఎగుడుదిగుడును చదును చేయడానికి పందొమ్మిదో శతాబ్దపు ఇంజినీర్లు ఒక అందమైన ఆకారాన్ని ఎంచుకున్నారు. డ్రమ్మును గుండ్రటి పీపాలా కాక, శంకువులా చేశారు. తాడు మొదట సన్నటి కొసన చుట్టుకుంటుంది, పోనుపోను లావు వైపుకు జరుగుతుంది. తిప్పడానికి పడే శ్రమ బరువు మీదే కాదు, డ్రమ్ము వ్యాసార్ధం మీద కూడా ఆధారపడుతుంది. కాబట్టి తాడు బరువుగా ఉన్నప్పుడు చిన్న వ్యాసార్ధం, తేలికైనప్పుడు పెద్ద వ్యాసార్ధం. పై లెక్కలో ఒంటరి స్కిప్పునే తీసుకుంటే అడుగున 22 టన్నులు, పైన 14 టన్నులు. డ్రమ్ము సన్నటి చోట వ్యాసార్ధం 2 మీటర్లుంటే, లావుపాటి చోట 3.1 మీటర్లు ఉంటే చాలు, మొదటి నుంచి చివరి దాకా యంత్రం మీద పడే మెలిక బలం ఒకేలా ఉంటుంది. బరువు మారకుండా ఆపలేనప్పుడు ఆ మార్పుకు తగ్గట్టు యంత్రం ఆకారాన్నే మార్చడం! ఆవిరి యంత్రాల కాలంలో ఇంతకన్నా తెలివైన పరిష్కారం దొరకడం కష్టం. దీని లోపం దాని భారీతనమే. లోతు పెరిగితే ఆ శంకువూ పెరుగుతూ పోవాలి, తాడు దాని వాలు మీద జారకుండా గాడులు చెక్కాలి.

1877 ప్రాంతంలో జర్మనీలోని బోకుమ్ దగ్గర హానోవర్ అనే బొగ్గు గనిలో ఫ్రీడ్రిష్ కోపె అనే ఇంజినీరు డ్రమ్మునే తీసిపారేశాడు. తాడును దేనికీ చుట్టలేదు. ఒక పెద్ద చక్రం మీదుగా వేసి, రెండు కొసలకూ రెండు కేజీలు కట్టాడు. చక్రం తిరిగితే రాపిడి వల్లే తాడు కదులుతుంది. ఇందులో ఒక చిక్కుంది. రెండు వైపుల బరువుల మధ్య తేడా మరీ ఎక్కువైతే చక్రం తిరిగినా తాడు జారిపోతుంది. తాడు చక్రాన్ని సగం చుట్టు తాకుతుంది కాబట్టి, బరువైన వైపు తేలిక వైపు కంటే సుమారు రెండు రెట్లు దాటితే జారడం ఖాయం. మన లెక్కలో అడుగున నిండు స్కిప్ ఉన్న వైపు 22 టన్నులు, పైన ఖాళీ స్కిప్ ఉన్న వైపు 6 టన్నులు. మూడున్నర రెట్లకు పైనే తేడా.

దానికి విరుగుడు కింద కట్టే తాడు. ఒక కేజీ అడుగు నుంచి ఇంకో కేజీ అడుగుకు, షాఫ్ట్ అట్టడుగున మలుపు తిరిగేలా, పై తాడుతో సమానంగా తూగే ఇంకో తాడు వేలాడదీస్తారు. దీన్ని తోక తాడు అనవచ్చు. ఇప్పుడు కేజీ ఎక్కడున్నా దాని పైన ఉన్న తాడు, కింద ఉన్న తాడు కలిపి ఎప్పుడూ 1,000 మీటర్లే. పైన తగ్గినంతా కింద పెరుగుతుంది. రెండు వైపులా 8 టన్నుల తాడు శాశ్వతంగా ఉంటుంది. నిండు వైపు 22, ఖాళీ వైపు 14. ఇక తాడు జారదు. మోటారు మీద పడేది ఖనిజం బరువు 8 టన్నులే, అదీ మొదటి నుంచి చివరి దాకా మార్పు లేకుండా. మారుతూ పోయే బరువును లెక్కలోంచే తుడిచేయడానికి ఇంకో 8 టన్నులు అదనంగా తగిలించాల్సి వచ్చింది. వినడానికి వింతగా ఉన్నా ఫలితం కళ్ల ముందే ఉంది. ప్రపంచంలో చాలా గనులు నేటికీ ఈ పద్ధతినే వాడుతున్నాయి.

ఇంతవరకూ చెప్పుకున్నదంతా పని గురించీ, మోటారు గురించీ. తాడు పక్షాన ఎవరూ మాట్లాడలేదు.

పనికి సగటు చాలు. తెగడానికి సగటుతో సంబంధం లేదు. తాడు పై కొసన ఉన్న మొదటి అంగుళాన్ని తలచుకుంటే ఈ తేడా తెలుస్తుంది. దాని కింద ఉన్న తాడంతా, స్కిప్పంతా, ఖనిజమంతా దాని మీదే వేలాడుతున్నాయి. ఎదురు స్కిప్ కట్టినా, తోక తాడు తగిలించినా, డ్రమ్మును శంకువు చేసినా ఆ అంగుళం మీద పడే బరువు ఒక్క కిలో కూడా తగ్గదు. వేలాడే తాడు అడుగున తేలిగ్గా ఉంటుంది, పైకి పోయే కొద్దీ బిగుసుకుంటుంది. తెగితే పై కొసనే తెగాలన్నది లెక్క చెప్పే మాట.

ఉక్కు తాడు రాకముందు గనుల్లో జనపనార తాళ్లు, ఇనుప గొలుసులు వాడేవారు. నార తాడు తడికి కుళ్లిపోయేది. గొలుసు బరువెక్కువ, పైగా ఒక్క లంకె విరిగితే మొత్తం పాతాళానికే. జర్మనీలోని హార్జ్ కొండల్లో క్లౌస్టాల్ గనుల అధికారి విల్హెల్మ్ ఆల్బర్ట్ ఈ గొలుసుల విషయం తేల్చాలనుకున్నాడు. ఒక్కసారి పెద్ద బరువు వేసి చూడటంతో సరిపెట్టలేదు. మామూలు బరువునే మళ్లీ మళ్లీ వేసి, తీసి, పరీక్షించాడు. ఒక్కసారి మోయగలిగిన బరువుకే లక్షసార్లు మోశాక లోహం విరుగుతుందన్న సంగతిని పరీక్షపెట్టి చూసిన తొలితరం వాళ్లలో అతనొకడు. 1834లో అతను ఇనుప తీగలను పురిపెట్టి తాడు పేనించాడు. నాలుగు తీగలు ఒక పురి, మూడు పురులు ఒక తాడు. ఇందులో ఒక తీగ తెగినా మిగిలినవి పట్టి ఉంచుతాయి. తెగిన తీగ పైకి పొడుచుకువచ్చి ముందే హెచ్చరిస్తుంది. గొలుసు అలాంటి హెచ్చరిక ఇవ్వదు. లోతైన గనులు సాధ్యమైనవి ఈ ఒక్క తేడా వల్లే అనిపిస్తుంది.

ఆ తాడుకూ హద్దుంది. మన ఉదాహరణలోని తాడు తెగే బరువు సుమారు 150 టన్నులు. 1,000 మీటర్ల లోతులో దాని పై కొస మీద 22 టన్నులుంటాయి, అంటే దాదాపు ఏడు రెట్ల భద్రత. 2,000 మీటర్ల లోతులో 30 టన్నులు, అయిదు రెట్లు. 3,000 మీటర్లలో 38 టన్నులు, నాలుగు రెట్లకు లోపు. ఖనిజం అదే, స్కిప్ అదే. భద్రతను కొరుక్కు తింటున్నది తాడు బరువే. అలా వదులుతూ పోతే దాదాపు 19 కిలోమీటర్ల దగ్గర, కొసన ఏమీ కట్టకపోయినా, తాడు తన బరువుకే తెగిపోతుంది.

మరి లావుపాటి తాడు వాడితే సరిపోదా? ఇది ఎవరికైనా మొదట తోచే ప్రశ్నే. తాడు అడ్డుకోత వైశాల్యాన్ని రెండింతలు చేస్తే బలం రెట్టింపవుతుంది, నిజమే. బరువు కూడా సరిగ్గా రెట్టింపవుతుంది. ఆ 19 కిలోమీటర్లు ఒక్క మీటరు కూడా పెరగదు. స్కిప్ బరువును తట్టుకోవడానికి లావు పనికొస్తుంది గానీ తాడు తన బరువును తాను తట్టుకోవడానికి లావుతో పని లేదు. కావాల్సింది అదే బరువుకు ఎక్కువ బలమిచ్చే లోహం. పై కొస లావుగా, కింది కొస సన్నగా ఉండే తాళ్లను కూడా కొన్ని చోట్ల వాడారు. ఆలోచన సరైనదే, కానీ అలాంటి తాడును పేనడం కష్టం.

లోతులో కనిపించే ఇంకో విచిత్రం తాడు సాగడం. 1,000 మీటర్ల ఉక్కు తాడుకు 8 టన్నుల ఖనిజం ఎక్కించగానే అది దాదాపు ముప్పావు మీటరు సాగుతుంది. నింపుతుంటే స్కిప్ కళ్ల ముందే కిందికి దిగిపోతుంది. నిండుకునేదాకా దాన్ని సరైన మట్టంలో పట్టి ఉంచడం కూడా ఒక పనే. తోక తాడు తెచ్చే సమస్య ఇంకోటి. కేజీ పైన ఉన్నప్పుడు 8 టన్నుల తోక దాని కిందే వేలాడుతుంది, అడుగున ఉన్నప్పుడు ఏమీ ఉండదు. కాబట్టి కేజీకి తగిలించిన చోట పై తాడు మీద భారం ప్రతి ప్రయాణానికీ 8 టన్నుల మేర పెరిగి తగ్గుతుంది. ఆల్బర్ట్ గొలుసుల్లో చూసిన జబ్బే ఇది. లోతు పెరిగితే ఈ ఊగిసలాటా పెరుగుతుంది, తీగలు అలసిపోయి త్వరగా తెగుతాయి. బాగా లోతైన దక్షిణాఫ్రికా గనుల్లో కోపె చక్రాన్ని వదిలి మళ్లీ డ్రమ్ముల వైపు మొగ్గడానికి ఇదే ముఖ్య కారణం.

అందుకే తాడు పరీక్ష గనిలో రోజువారీ పని. మనిషి తాడును నెమ్మదిగా నడిపిస్తూ తెగిన తీగల కోసం, తుప్పు కోసం, సన్నబడిన చోట్ల కోసం చూస్తాడు. ఒక పురి తిరిగి అదే వైపుకు రావడానికి పట్టే పొడవు మారిందంటే లోపల ఏదో వదులైనట్టు. కేజీకి తగిలించిన కొసన అలసట ఎక్కువ కాబట్టి గడువు ప్రకారం ఆ కొసను కోసేసి కొత్తగా తగిలిస్తారు. కోసిన ముక్కను పారేయరు. దాన్ని లాగి తెంపి, ఎంత బలం మిగిలిందో చూస్తారు.

మళ్లీ కోలారుకు వద్దాం. అక్కడ 3 కిలోమీటర్ల లోతుకు ఒకే తాడు దించలేదు. నేల మీది నుంచి ఒక షాఫ్ట్ కొంత లోతు దాకా వెళుతుంది. అక్కడ రాతిలోనే గది తొలిచి ఇంకో వైండర్ పెట్టి, అక్కడి నుంచి ఇంకో షాఫ్ట్ దించుతారు. వర్గం లెక్క ఇక్కడ మనిషికి మేలు చేస్తుంది. 2,000 మీటర్లను ఒకే తాడుతో లాగితే తాడుకే 44 యూనిట్లు పడుతుందని చూశాం. దాన్ని రెండు వేల మీటర్ల అంచెలుగా విడగొడితే అంచెకు 11 చొప్పున 22 యూనిట్లే. అంతకన్నా ముఖ్యం, ఏ తాడు పై కొసన కూడా 22 టన్నులకు మించి పడదు. బదులుగా ఖనిజాన్ని మధ్యలో దింపి మళ్లీ ఎక్కించాలి. వేడి రాతి మధ్య ఇంకో యంత్రాన్ని, దానికి మనుషులను, గాలిని, కరెంటును నిలపాలి. అంత కరెంటు కోలారుకు 1902లోనే వచ్చింది. కావేరి మీద శివనసముద్రం జలపాతం దగ్గర పుట్టిన విద్యుత్తును దాదాపు 150 కిలోమీటర్ల దూరం తీగల మీద నడిపించింది ఈ గనుల కోసమే.

దక్షిణాఫ్రికాలో సౌత్ డీప్ గనిలో దాదాపు 3,000 మీటర్ల షాఫ్టును ఒకే అంచెలో దించారు. అక్కడికి సమీపంలోనే, దాదాపు 4 కిలోమీటర్ల లోతుకు చేరిన ఎంపొనెంగ్ గనిలో మాత్రం మళ్లీ అంచెలే. ఉక్కు తాడుతో ఒక్క గుక్కలో దిగగలిగిన లోతు ఎక్కడ ఆగుతుందో ఈ రెండూ చెబుతాయి.

ఈ చిక్కు ఇప్పుడు భూమి లోపలి నుంచి ఆకాశం వైపుకు మళ్లింది. ఎత్తైన భవనంలో లిఫ్టు కోపె చక్రం లాంటిదే: ఒక వైపు లిఫ్టు గది, ఇంకో వైపు దానికి సరితూగే బరువు, పైన రాపిడితో నడిపే చక్రం. హైదరాబాదులో ముప్పై నలభై అంతస్తుల అపార్ట్‌మెంట్ల లిఫ్టు గుంతలోకి తొంగిచూస్తే గది అడుగు నుంచి వేలాడుతూ ఒక గొలుసు కనిపిస్తుంది, చప్పుడు కాకుండా దానికి తొడుగు కూడా ఉంటుంది. అది గనిలోని తోక తాడే. పై తాళ్ల బరువు మారుతుంటే ఆ మార్పును కింద నుంచి సరిచేయడం దాని పని.

లిఫ్టు తయారీదారుల లెక్కలో ఉక్కు తాళ్లు ఒక్క అంచెలో సుమారు 500 మీటర్ల దాకానే గిట్టుబాటు. దుబాయ్‌లోని బుర్జ్ ఖలీఫాలో 800 మీటర్లు దాటిన భవనానికి కూడా ఒక్క లిఫ్టు ఎక్కే గరిష్ఠ దూరం 500 మీటర్ల పైచిలుకే. 2013లో ఫిన్లాండ్‌కు చెందిన కోనె సంస్థ కార్బన్ నారతో చేసిన పట్టీ లాంటి తాడును ప్రకటించింది. అది ఉక్కు కంటే ఎంతో తేలిక, బలంలో తీసిపోదు. దానితో ఒక్క లిఫ్టు 1,000 మీటర్ల దాకా ఎక్కవచ్చని ఆ సంస్థ చెబుతోంది. సౌదీ అరేబియాలో కిలోమీటరు ఎత్తు లక్ష్యంగా కడుతున్న జెద్దా టవర్‌కు ఆ తాళ్లనే ఎంచుకున్నారు.